ఫైబ్రోస్కాన్‌లో 11.8 వచ్చింది, ఎఫ్3 అని రాశారు. బయాప్సీ తప్పదా?

కాకినాడ_కోడలు
మావారికి 46 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది, మందు అలవాటు లేదు. బరువు 94 కిలోలు, బీఎంఐ 32.5. అల్ట్రాసౌండ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అన్నారు. ఎస్‌జీఓటీ 58, ఎస్‌జీపీటీ 81, ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు. మొన్న ఫైబ్రోస్కాన్ చేయిస్తే ఇలా వచ్చింది:

```
Probe: M
Valid: 10/13
E: 11.8 kPa   IQR: 4.6   IQR/Med: 39%
CAP: 318 dB/m
```

కింద F3, S3 అని ఉంది. బయాప్సీ చేయిద్దామని డాక్టరుగారు అంటున్నారు. సూది గుచ్చకుండా తేలే దారి లేదా? ఆయన బాగా భయపడుతున్నారు.

నెల్లూరు_రెడ్డి
బయాప్సీ పాత పద్ధతి అండి, ఇప్పుడు అవసరం లేదు. సూదితో తీసే ముక్క మొత్తం లివర్‌లో యాభై వేల వంతు కూడా ఉండదు. ఫైబ్రోస్కాన్ దానికి వంద రెట్లు పెద్ద భాగాన్ని చూస్తుంది. 11.8 అంటే ఎఫ్3 అనే అర్థం. ఎస్3 కూడా వచ్చింది కాబట్టి రెండూ ఒకటే చెబుతున్నాయి. నేరుగా వైద్యం మొదలుపెట్టించండి.

లివర్‌ఓపీ
ముక్క చిన్నదన్న మాట నిజమే. కానీ ఎస్3కీ ఎఫ్3కీ సంబంధం లేదండి. ఎస్ అనేది కొవ్వు ఎంత ఉందో చెబుతుంది, అది క్యాప్ అంకె నుంచి వస్తుంది. ఎఫ్ అనేది మచ్చకట్టడం గురించి, ఎఫ్0 అంటే మచ్చ లేదు, ఎఫ్4 అంటే సిర్రోసిస్. కొవ్వు నిండా ఉండి మచ్చ అసలు లేనివాళ్లు ఎంతోమంది. సిర్రోసిస్ ముదిరినవాళ్లలో కొవ్వు కరిగిపోయి క్యాప్ తక్కువగా వచ్చేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒకటి రెండోదానికి సాక్ష్యం కాదు.

ఇంకో మాట. స్కాన్ మచ్చను చూడదు, గట్టిదనాన్ని కొలుస్తుంది. ప్రోబ్ కొట్టిన చిన్న తట్టు లివర్‌లో ఎంత వేగంగా పాకిందో చూసి, ఆ వేగం నుంచి కిలోపాస్కల్ లెక్క కడుతుంది. మచ్చ ఉంటే గట్టిపడుతుంది, నిజమే. కానీ వాపు వచ్చినా, రక్తం నిలిచినా, పిత్తనాళం మూసుకున్నా గట్టిపడుతుంది. నీళ్లు ఎక్కువ పట్టిన బెలూన్ బిగుసుకున్నట్టే. కిందున్న F3ని యంత్రం ఒక పట్టిక చూసి రాస్తుంది, అంతే.

అమ్మా, బయాప్సీ సంగతి తర్వాత చూద్దాం. మీ రిపోర్టులో నన్ను ఆపుతున్నది ఆ 39 శాతం. స్కాన్‌కు ముందు ఆయన ఏమైనా తిన్నారా?

కాకినాడ_కోడలు
ఉదయం షుగర్ మాత్ర వేసుకున్నారని ఇడ్లీలు తిని, టీ తాగి వెళ్లారు. అక్కడికి వెళ్లిన అరగంటకే స్కాన్ అయిపోయింది. ఖాళీ కడుపుతో రమ్మని ఎవరూ చెప్పలేదు.

స్కాన్‌గది
అయితే ఆ అంకెను పక్కన పెట్టండి మేడమ్. నేను రోజూ ఈ స్కాన్లు చేస్తాను. ఇందులో రెండు తప్పులు కనిపిస్తున్నాయి, రెండూ అంకెను పైకి నెట్టేవే.

మొదటిది తిండి. తిన్న తర్వాత పేగుల నుంచి లివర్‌కు రక్తం ఎక్కువగా వస్తుంది. అరగంట సమయంలో గట్టిదనం బాగా పెరిగి ఉంటుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకూడదు. మంచినీళ్లు రెండు గుక్కలు పరవాలేదు, టీ వద్దు. షుగర్ మాత్ర వేసుకునేవాళ్లు ఉదయం మొదటి నంబరు తీసుకుని, స్కాన్ అయ్యాక మాత్ర వేసుకుని తినడం మేలు. ఏ మాత్ర ఆపవచ్చో ముందురోజే డాక్టరుగారిని అడగండి.

రెండోది ప్రోబ్. ఎం ప్రోబ్ చర్మం నుంచి 25 మిల్లీమీటర్ల లోతులో కొలవడం మొదలుపెడుతుంది. బీఎంఐ 32 దాటినవాళ్లకు పక్కటెముకల మధ్య చర్మం నుంచి లివర్ పొర వరకే 25 మిల్లీమీటర్లు దాటే అవకాశం ఎక్కువ. అప్పుడు తట్టులో కొంత భాగం చర్మం కింది కొవ్వులో పడి అంకె ఎక్కువగా వస్తుంది, పది కొలతలూ పది రకాలుగా వస్తాయి. అలాంటివాళ్లకు ఎక్స్‌ఎల్ ప్రోబ్ వాడాలి, అది 35 మిల్లీమీటర్ల నుంచి మొదలవుతుంది. బీఎంఐ 30 దాటితే అడిగి మరీ పెట్టించుకోండి. చిన్న సెంటర్లలో ఎం ఒక్కటే ఉంటుంది కాబట్టి ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

పది కొలతలు తీసి మధ్యది రాస్తాం. ఆ పదీ ఎంత దూరంగా చెదిరాయో `IQR/Med` చెబుతుంది. 30 శాతం లోపల ఉండాలి. మీవారికి 4.6ను 11.8తో భాగిస్తే 39 వస్తుంది. అంకె 7 లోపల ఉన్నప్పుడు ఈ చెదురు కొంచెం ఎక్కువైనా పెద్ద తేడా పడదు, కానీ 11 దగ్గర ఇంత చెదిరితే ఎఫ్1ఓ ఎఫ్3ఓ చెప్పలేం.

చేసే తీరులోనూ చూసుకోవాల్సింది ఉంది. వెల్లకిలా పడుకుని కుడి చెయ్యి తల కిందికి పూర్తిగా చాపాలి, అప్పుడే పక్కటెముకల మధ్య సందు తెరుచుకుంటుంది. ప్రోబ్‌ను చర్మానికి నిటారుగా పట్టాలి. ఒరిగితే తెరమీద గీత వంకర పోతుంది, ఆ కొలతను లెక్కలో పెట్టకూడదు.

ఒంగోలు_తమ్ముడు
ఇక్కడే అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా అన్నయ్యకు హెపటైటిస్ బి. కళ్లు పచ్చబడ్డాయి, ఎస్‌జీపీటీ 640. స్కాన్‌లో 17.2 వచ్చింది. ఇక్కడ చెప్పినట్టు ఖాళీ కడుపుతోనే వెళ్లాడు. 12 దాటితే సిర్రోసిస్ అని ఎక్కడో చదివాను. అయిపోయినట్టేనా?

లివర్‌ఓపీ
అలా అనుకోకు తమ్ముడూ. ఎస్‌జీపీటీ 640 అంటే లివర్ లోపల మంట రేగుతోంది. ఆ వాపుకే 17 రావచ్చు. మంట ఆరాక అదే మనిషికి ఏడెనిమిది వచ్చిన సందర్భాలు మామూలే. అలాగని సిర్రోసిస్ లేదని కూడా ఈ కొలత చెప్పలేదు. ఎస్‌జీపీటీ దిగి, పచ్చకామెర్లు పోయిన తర్వాత మళ్లీ స్కాన్ చేయించాలి. కానీ వైద్యం ఆ స్కాన్ కోసం ఆగకూడదు. కామెర్లతో ఎస్‌జీపీటీ ఇంత ఎక్కి ఉంటే ఈరోజే లివర్ డాక్టరుకు చూపించి, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష చేయించండి. మందు ఎప్పుడు మొదలుపెట్టాలో వాళ్లు చెబుతారు.

నువ్వు చదివిన 12 దగ్గరి హద్దు హెపటైటిస్ బికి చెప్పేదే, కాకపోతే మంట లేనప్పుడు. ఫ్యాటీ లివర్‌లో చూసే హద్దులు వేరే. ఒకదాని పట్టిక ఇంకోదానికి వాడకూడదు.

కోడలు గారూ, మీవారి లెక్క ఒకటి చేసి చూపిస్తాను. ఫిబ్-4 అనే లెక్కకు కొత్త పరీక్ష అక్కర్లేదు.

```
FIB-4 = (వయసు × SGOT) / (ప్లేట్‌లెట్లు × √SGPT)
      = (46 × 58) / (210 × 9)
      = 2668 / 1890 = 1.41
```

ప్లేట్‌లెట్లను వేలల్లో రాయాలి. 2.1 లక్షలు అంటే 210. చాలామంది 2.1 అని వేసి 141 చూసి హడలిపోతారు. 1.3 కంటే తక్కువైతే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 1.41 మధ్యలోది, కానీ కింది గీతకు దగ్గర. 11.8తో ఇది సరిగ్గా పొసగడం లేదు. రెండు పరీక్షలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు ముందు కొలతను సరిచూడాలి. అదే స్కాన్‌ను సరైన పద్ధతిలో మళ్లీ చేయించండి.

స్లైడుబల్ల
నేను బయాప్సీ స్లైడ్లు చదివేవాణ్ణి. స్కాన్ మీద ఇన్ని అనుమానాలు చెప్పారు కదా, బయాప్సీ మాత్రం తిరుగులేనిదని ఎవరూ అనుకోవద్దు. ముక్క కనీసం 15 మిల్లీమీటర్లు ఉండాలి, 20 నుంచి 25 ఉంటే మంచిది. అందులో పదకొండు పోర్టల్ ట్రాక్ట్‌లైనా, అంటే రక్తనాళాలూ పిత్తనాళమూ కలిసి వెళ్లే దారులైనా కనిపించాలి. 25 మిల్లీమీటర్ల ముక్కలో కూడా నాలుగింట ఒకసారి దశ తప్పుతుందని 2003లో ఫ్రాన్స్‌లో చేసిన అధ్యయనం చూపించింది. 15 మిల్లీమీటర్లకు మూడింట ఒకసారి తప్పింది. ఫ్యాటీ లివర్‌లో ఒకే మనిషికి రెండు ముక్కలు తీసి చూస్తే, నూటికి 41 మందిలో దశ కనీసం ఒక మెట్టు తేడా వచ్చిందని 2005లో తేలింది. మచ్చ లివర్ అంతటా సమానంగా పరుచుకోదు.

సన్నని సూదితో తీసిన 10 మిల్లీమీటర్ల ముక్క పంపి ఎఫ్2నా, ఎఫ్3నా అని అడిగితే ఏ సమాధానమైనా ఊహే. చేయించాల్సి వస్తే 16 గేజ్ సూది వాడతారా అని అడగండి. రిపోర్టులో ముక్క పొడవు, పోర్టల్ ట్రాక్ట్‌ల సంఖ్య రాసి ఉన్నాయో లేదో చూడండి.

అయితే స్కాన్ ఎప్పటికీ చెప్పలేనిది ఒకటి ఉంది. ఎందుకు గట్టిపడిందో అది చెప్పలేదు. స్లైడ్‌లో మాత్రం కణాలు ఉబ్బాయా, ఏ రకం కణాలు చేరాయి, మచ్చ ఎక్కడ మొదలైందీ కనిపిస్తుంది. మీ డాక్టరుగారు దశ కోసమే అడిగారా, కారణం కోసమా?

కాకినాడ_కోడలు
మీరు అడిగాక పాత కాగితాలు తీశాను. ఏఎన్ఏ 1:80 పాజిటివ్ అని ఒకటి ఉంది. ఇది చెప్పాలని నాకు తోచలేదు. స్కాన్ కూడా మళ్లీ చేయించాం. రాత్రి భోజనం తర్వాత ఏమీ తినలేదు, ఎక్స్‌ఎల్ ప్రోబ్ పెట్టారు. 8.9 వచ్చింది, `IQR: 1.3`, 15 శాతం. అంటే తగ్గినట్టేనా?

స్కాన్‌గది
తగ్గలేదు మేడమ్, సరిగ్గా కొలిచారు. మొదటిదాన్ని, రెండోదాన్ని పక్కపక్కన పెట్టి మెరుగయ్యిందని రాసుకోకండి. ఇకమీదట పోల్చేది ఈ 8.9తోనే. వీలైతే ఇదే సెంటర్‌లో, ఇదే ప్రోబ్‌తో.

నెల్లూరు_రెడ్డి
8.9 అంటే 8 దాటింది కదా, ఇంకా ప్రమాదమేనా?

లివర్‌ఓపీ
ఫ్యాటీ లివర్‌లో 8 లోపల ఉంటే ముదిరిన మచ్చ దాదాపు లేదనవచ్చు, 12 దాటితే ఉండే అవకాశం ఎక్కువ. మధ్యలో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఎఫ్3 ఉండదు, కొందరికి ఉంటుంది. 10 లోపల ఉండి, ప్లేట్‌లెట్లు బాగుండి, ఇంకే లక్షణమూ లేకపోతే సిర్రోసిస్ భయం పక్కన పెట్టవచ్చు. దశ తెలుసుకోవడానికి మాత్రమే అయితే ఇప్పుడు నేను బయాప్సీ అడగను. 94 కిలోల్లో 10 శాతం, అంటే దాదాపు తొమ్మిదిన్నర కిలోలు తగ్గించి, ఏడాది లోపల మళ్లీ ఖాళీ కడుపుతో స్కాన్ చేస్తాను. అంత బరువు తగ్గినవాళ్లలోనే మచ్చ వెనక్కి తగ్గడం ఎక్కువగా కనిపిస్తుంది. షుగర్ ఉంది కాబట్టి ఏడాది దాటనివ్వకండి.

ఏఎన్ఏ అంటే సొంత కణాల మీదే తిరగబడే యాంటీబాడీ. 1:80 ఫ్యాటీ లివర్‌లో తరచూ కనిపించేదే. అదొక్కటి చూసి ఆటోఇమ్యూన్ హెపటైటిస్, అంటే సొంత రోగనిరోధక శక్తే లివర్‌ను దెబ్బతీసే జబ్బు అనలేం. రక్తంలో యాంటీబాడీలు ఎంత ఉన్నాయో చెప్పే ఐజీజీ పరీక్ష చేయించండి.

స్లైడుబల్ల
ఇక్కడ నేను పూర్తిగా ఒప్పుకోను. ఐజీజీ మామూలుగా ఉన్నా ఆటోఇమ్యూన్ హెపటైటిస్ తేలిన స్లైడ్లు నేను చూశాను. బరువు తగ్గినా ఎస్‌జీపీటీ దిగకపోతే ఏడాది ఆగకూడదు, ముందే ముక్క తీయాలి.

లివర్‌ఓపీ
ఎంత కాలం ఆగాలన్న దగ్గరే మన తేడా. నేను ఆరు నెలలు చూస్తాను, ఐజీజీ ఎక్కువగా వస్తే ఒక్క వారం కూడా ఆగను.

కాకినాడ_కోడలు
ఐజీజీకి రేపు రక్తం ఇస్తున్నారు. ఆస్పిరిన్ రోజూ వేసుకుంటారు. బయాప్సీ అయితే దాని సంగతేంటి?

లివర్‌ఓపీ
మీ అంతట మీరు ఆపొద్దు. గుండెకు స్టెంట్ ఉందా లేదా అన్నది ముందు గుండె డాక్టరుతో తేల్చాలి. ఐజీజీ అంకె రాగానే ఇక్కడ పెట్టండి, పక్కనే ఎస్‌జీపీటీ కూడా.