అప్‌డేట్: కవర్ లెటర్ పేరా చివరికి ఇలా కుదిరింది

నా ప్రశ్న: "ఫ్రెషర్‌ని. కవర్ లెటర్‌లో ప్రాజెక్ట్ పేరా ఒకసారి బతిమాలుతున్నట్టు ఉంటోంది, మారిస్తే గొప్పలు చెప్పుకుంటున్నట్టు ఉంటోంది. ఎలా రాయాలి?"

మీ సలహాలు చాలా పనికొచ్చాయి, అందరికీ థాంక్స్. "అనుభవం లేకపోయినా ఒక్క అవకాశం ఇస్తే కష్టపడతాను" అన్నా, "డేటాబేస్‌లలో నిపుణుణ్ణి" అన్నా లోపం ఒకటే: చేసిన పని కనబడదు, నా మీద నేనిచ్చుకున్న తీర్పే కనబడుతుంది. అందుకని తీర్పు తీసేసి పని పెట్టాను:

"ఫైనల్ ఇయర్‌లో నలుగురం కలిసి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. అందులో సెర్చ్ భాగం నేను రాశాను. 20,000 పుస్తకాల రికార్డుల మీద సెర్చ్‌కి 3 సెకన్లు పడుతుంటే, రచయిత పేరు కాలమ్‌కి ఇండెక్స్ పెట్టి సెకనులోపుకి తెచ్చాను. మీ ప్రకటనలో అడిగిన క్వెరీ ట్యూనింగ్‌ని ఇంకా పెద్ద డేటా మీద చేయాలని ఉంది."

"నలుగురం" అన్న మాట ఉండాల్సిందే. అది లేకపోతే మొత్తం ప్రాజెక్ట్ నాదే అన్నట్టు అవుతుంది, ఇంటర్వ్యూలో మిగతా భాగాల గురించి అడిగితే దొరికిపోతాం. అలాగని నా వంతుని "సాయపడ్డాను" అని కుదించకూడదు. కోడ్ రాస్తే "రాశాను" అనే అనాలి. అంకె మాత్రం ఎలా కొలిచారో చెప్పగలిగితేనే పెట్టండి. లేదంటే "వేగం పెరిగింది" చాలు.

అనుభవం లేదన్న సంగతి ఎక్కడా రాయలేదు. పాసైన సంవత్సరం రెజ్యూమేలో ఉంది కదా, వాళ్లకి తెలుస్తుంది.