మటన్ కుక్కర్లో పీచు, గిన్నెలో గట్టి: టైమ్ ఎక్కడ తప్పుతోంది?

కూకట్‌పల్లి_పద్మ
అందరికీ నమస్తే. మాది గుంటూరు వైపు, పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం. ప్రతి ఆదివారం కేజీ మటన్ తెచ్చి కుక్కర్లో 6 విజిల్స్ పెడతాను, అదే అలవాటు. ఒక వారం బ్రహ్మాండంగా ఉంటుంది, ఇంకో వారం అదే 6 విజిల్స్‌కి కొన్ని ముక్కలు రబ్బరులా సాగుతాయి, కొన్నేమో పీచు పీచుగా నోట్లో పొడిగా తిరుగుతాయి, రెండూ ఒకే కూరలో! మా అత్తయ్యగారు కుక్కర్ మానేసి గిన్నెలో వండు అన్నారని పోయిన వారం అలాగే చేశాను, గంటసేపు ఉడికించినా మొత్తం గట్టిగానే ఉంది, పిల్లలు ఆకలి అంటుంటే చివరికి అదే తీసి కుక్కర్లో వేశాను. అసలు ఎవరెవరు ఎంతసేపు పెడతారో చెప్పండి ప్లీజ్.

బగారా_గంజు
అక్కా మటన్ కుక్కర్ల వండుడే తప్పు. నేను ఫంక్షన్లకు వండుత, 40 కేజీలు 50 కేజీలు, అంత గంజులనే. మూత పెట్టి సన్న మంట మీద రెండు గంటలు, మధ్య మధ్యల కలపాలె, నీళ్ళు తక్కువైతే మసిలే నీళ్ళే పొయ్యాలె, సల్ల నీళ్ళు పోస్తే ఉడుకు ఆగిపోయి మళ్ళ మొదటికొస్తది. మసాలా ముక్కకు పట్టేది గంజులనే, కుక్కర్ల అంత నీళ్ళల్ల కలిసిపోతది. ఇంకోటి, ఉప్పు ముందుగాల ఏస్తే ముక్క బిగుసుకపోతది, చివర్ల ఎయ్యండి. మీది గంటకు గట్టిగుందంటే గందుకే అయ్యుంటది.

అమీర్‌పేట్_రూమ్
నాది కరెంట్ ప్రెషర్ కుక్కర్, దానికి విజిల్ రాదు. 20 నిమిషాలు పెడితే ఉడకట్లేదు, 35 పెడితేనే ఉడుకుతోంది. కుక్కర్ పాడైందా? రిపేర్‌కి ఇవ్వాలా?

గోష్త్_దుకాణం
అమీర్‌పేట్ తమ్మీ నీ కుక్కర్ మంచిగనే ఉంది, కరెంట్‌వాటిల్ల ప్రెషర్ స్టవ్ కుక్కర్ కంటె తక్కువుంటది చాలా వాటికి, అందుకే టైమ్ ఎక్కువ.

పద్మక్కా, నేను మటన్ దుకాణంల మస్తు ఏండ్ల సంది పని జేస్తున్న, చెంగిచెర్లల మాంసం పరిశోధన సంస్థ ఉంటది గద, ఆడ ట్రైనింగ్ గూడ తీస్కున్న. గట్టి ముక్క, పీచు ముక్క ఒక్క కూరలనే వచ్చినయంటే మీ కేజీల ఏమేం కలిసినయో అది చూడాలె. "మిక్స్ ఇయ్యన్నా" అంటే మేం తొడ, జబ్బ, మెడ, చాప్స్ అన్ని కలిపి కొట్టిస్తం. మెడ, జబ్బ దినమంత పనిచేస్తయి, మేసేటప్పుడు తల దించుడు ఎత్తుడు, ఒంటి బరువు గూడ ముందట కాళ్ళ మీదనే ఎక్కువ, అందుకని వాటిల్ల తెల్లటి జిగురు పొరలు మస్తుంటయి. తొడల కండ ఎక్కువ, ఆ జిగురు తక్కువ, కొవ్వు గూడ తక్కువే.

ఇగ మంట మీద ఏమైతదంటే, వేడి తగలంగనే కండ ముడుచుకొని లోపలి నీళ్ళు బయటికి పిండేస్తది. గిన్నెల అర్ధగంటకు తీసి కొరికితే పచ్చి ముక్క కంటె గట్టిగున్నట్టు అనిపించేది అందుకే. ఆ జిగురు పొర మెల్లగ కరిగి రసమైతేనే ముక్క మెత్తబడుతది. పాయా సల్లారినంక గడ్డ కడుతది చూడండి, గదే జిగురు. మీరు గంటకు దించినప్పుడు అది సగం కరిగుంటది, ఇంకో అర్ధగంట ఆగితే అయిపోవు.

కుక్కర్ల అదే పని జల్ది అయితది. మన హైదరాబాద్‌ల నీళ్ళు 98 డిగ్రీల దగ్గర్నే మసులుతయి, గిన్నెల ఎంత మంట పెట్టినా అంతకు మించి పోదు. కుక్కర్ల పూర్తి ప్రెషర్ వచ్చినంక 120 దాక పోతది. గంటన్నర పని ఇరవై నిమిషాలల్ల అయితది. గని తొడ ముక్కల నీళ్ళు గూడ అంతే జల్ది పోతయి, ఆ పోయిన తడి జాగల కరిగి నిండటానికి దాన్ల అంత జిగురు లేదు, పీచే మిగులుతది. జబ్బకు సరిపోయే టైమ్ తొడకు ఎక్కువ, తొడకు సరిపోయే టైమ్ జబ్బకు తక్కువ.

నాన్న_కోసం
మా నాన్నగారికి 78, పళ్ళ సెట్టు పెట్టుకుంటారు. నేను జబ్బ మాత్రమే తెచ్చి కుక్కర్లో సిమ్ మీద 35 నిమిషాలు ఉంచుతాను, ఎముక నుంచి ఊడిపోయేంత మెత్తగా అవుతుంది, ఆయన ఇష్టంగా తింటారు. మీరందరూ ఎక్కువైపోయింది అంటారేమో గానీ మా ఇంట్లో అదే కరెక్ట్ టైమ్. ఒకసారి తొడతో ఇలాగే చేస్తే దారాల్లా విడిపోయి సెట్టు కింద ఇరుక్కుని చాలా బాధపడ్డారు. మళ్ళీ తొడ తేలేదు, ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

మల్కాజ్‌గిరి_శర్మిల
విజిల్స్ లెక్క నమ్మకండి పద్మగారూ. నేను ఫోన్‌లో టైమర్ పెట్టి చూశాను. మా 5 లీటర్ల కుక్కర్లో పెద్ద మంట మీద మొదటి విజిల్ తర్వాత ఇంచుమించు నిమిషానికొకటి కొట్టింది. అదే సిమ్‌లో పెడితే నాలుగైదు నిమిషాలకి ఒకటి. అంటే మీ 6 విజిల్స్ ఒక వారం ఆరు నిమిషాలు, ఇంకో వారం పాతిక నిమిషాలు అయ్యుండొచ్చు! మొదటి విజిల్ రాగానే సిమ్ చేసి అక్కడి నుంచి నిమిషాలు లెక్కపెట్టండి. నేను లేత మటన్‌కి 12, మామూలుగా 18 పెడతాను.

ఇంకొకటి, స్టవ్ కట్టేశాక వెయిట్ ఎత్తి ఆవిరి తీసేయొద్దు. ముక్క లోపల రసం కూడా అంత వేడి మీద ఉంటుంది, పైన ప్రెషర్ ఒక్కసారిగా పోయేసరికి అది లోపలే మరిగి బయటికి వచ్చేస్తుంది, ముక్క పొడిబారుతుంది. దానంతట అది దిగేదాకా పదిహేను నిమిషాలు ఆగితే చాలు. ఆ పదిహేను నిమిషాలు కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి ముందు టైమ్‌లో కొంచెం తగ్గించుకోవాలి.

కూకట్‌పల్లి_పద్మ
అయ్యో, నేనెప్పుడూ చల్లనీళ్ళ కింద పెట్టి మూత తీసేదాన్ని, తొందరలో. సరే, మరి ఒకే కొట్టు, ఒకే కుక్కర్ అయినా వారం వారం తేడా ఎందుకొస్తోంది? ఆదివారం ఏడింటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి పదకొండుకి వండుతాను. పచ్చి బొప్పాయి వేయమంటున్నారు మా పక్కింటివాళ్ళు, వేయొచ్చా?

గోష్త్_దుకాణం
రెండు కారణాలు. ఒకటి వయసు. రెండు పండ్లు ఏసిన పొట్టేలు ఒక తీరు, నాలుగు పండ్లది ఇంకో తీరు, ముదిరిన కొద్దీ ఆ జిగురు గట్టిపడి కరగనీకె టైమ్ ఎక్కువ తీస్కుంటది. మాంసం రంగు ముదురు ఎరుపు, కొవ్వు గట్టిగ పసుపు పచ్చగుంటే ఇంకో అయిదారు నిమిషాలు పెంచుకోండి.

రెండోది, కోసిన కొన్ని గంటలకు మాంసం బిగుసుకుంటది, దాని తర్వాత మెల్లగ సడలుతది. మీరు వండేది సరిగ్గ బిగుసుకునే టైమ్‌కే. శనివారం తెచ్చి ఒక గంట రెండు గంటలు బయట సల్లటి జాగల ఉంచి, అటెన్క ఫ్రిజ్ల కింది అరల పెట్టి ఆదివారం వండి చూడండి. కోసిన వేడి మీదనే డీప్ ఫ్రీజర్ల మాత్రం పెట్టొద్దు, సల్లదనానికి ఇంకా ముడుచుకొని గట్టిగైతది, అది తర్వాత ఎంత ఉడికించినా పూర్తిగ పోదు. ఎండకాలం బయట ఎక్కువసేపు ఉంచకండి మళ్ళ.

బొప్పాయి పత్థర్ కా గోష్త్ లాంటి జల్ది కాలే ముక్కలకు. పులుసు కూరకు అవసరం లేదు, ఎక్కువైతే ముక్క పైన పిండి పిండిగైతది, లోపల అట్లనే ఉంటది.

ఉప్పు గురించి బగారా అన్న చెప్పింది నేను ఒప్పుకోను. ముందు ఉప్పు, పసుపు, అల్లంఎల్లిగడ్డ పెట్టి గంట నానబెడితే ముక్క నీళ్ళు పట్టుకుంటది.

బగారా_గంజు
మా ఉస్తాద్ చెప్పిన పద్ధతి అన్నా, ఇరవై ఏండ్ల సంది అట్లనే చేస్తున్న, ఎవ్వరు గట్టిగుందనలే. నువ్వు కేజీ మీద చూసినవ్, నేను 40 కేజీల మీద చూసిన. పీచు సంగతి మాత్రం నిజం, హలీంకు మేం తొడనే తీస్కుంటం, ఎందుకంటే ఆడ పీచు విడిపోవాలె, రాత్రంత బట్టీ మీద పెట్టి కట్టెతోని కొడుతరు. కూరల అదే పీచు నచ్చదు.

కూకట్‌పల్లి_పద్మ
రెండు వారాలు చేసి వచ్చాను, రాసుకున్నది చెప్తాను.

శనివారం సాయంత్రం జబ్బ అరకేజీ, తొడ అరకేజీ విడివిడిగా కొట్టించాను. ఉప్పు రెండిటికీ ముందే పట్టించాను (బగారా అన్నగారు ఏమనుకోవద్దు). జబ్బ కుక్కర్లో, మొదటి విజిల్ తర్వాత సిమ్‌లో 18 నిమిషాలు, ప్రెషర్ దానంతట దిగేదాకా ఆగాను. గరిటె అంచుతో నొక్కితే తెగింది, రసం చిక్కగా, వేలికి అంటుకునేలా వచ్చింది. ఒక్క ముక్క కూడా సాగలేదు.

తొడ గిన్నెలో, మూత పెట్టి సన్న మంట. 35 నిమిషాలకి ఒక ముక్క తీసి చూస్తే నిజంగానే బాగా గట్టిగా ఉంది, వెనకటి పద్మ అయితే అప్పుడే కుక్కర్లోకి మార్చేసేది. గంటకి కొరికితే తెగింది గానీ మధ్యలో సాగింది. గంటా ఇరవైకి సరిగ్గా వచ్చింది, తడిగా, పీచు లేకుండా. దించి అరగంట పులుసులోనే వదిలేశాను, ఇంకొంచెం మెత్తబడింది.

రెండో వారం తొడని కుక్కర్లో 9 నిమిషాలే పెట్టి, మిగతాది మూత తీసి పావుగంట ఉడికించాను. బాగానే ఉంది, కానీ గిన్నెలో వచ్చినంత తడి రాలేదని మా అత్తయ్యగారు కనిపెట్టేశారు. నాకైతే తేడా కొంచెమే తెలిసింది.

గోష్త్ అన్నగారూ, ఒక డౌట్ ఇంకా ఉంది. ఈసారి జబ్బతో పాటు రెండు నల్లి బొక్కలు పడ్డాయి, ముక్క బాగున్నా నల్లి లోపల మూలగ రాలేదు, గట్టిగా అంటుకుని ఉంది. దానికోసం టైమ్ పెంచితే ముక్క పాడవుతుందా?

గోష్త్_దుకాణం
నల్లిని ముందుగాల ఒక్కటే అయిదారు నిమిషాలు కుక్కర్ల పెట్టి, తర్వాత ముక్కలు కలపండి. మూలగ అయినా రాకపోతే బొక్కకు ఒకటే దిక్కు కొట్టిన్రేమో చూడండి, రెండు దిక్కుల తెరిచి ఉండాలె. వచ్చేసారి కొట్టించేటప్పుడే చెప్పండి.

నాన్న_కోసం
మేము నల్లి ప్లేట్‌కి తట్టి తీస్తాం, నాన్నగారికి అన్నంలో కలిపి పెడతాను. పద్మగారూ గిన్నెలో గంటా ఇరవైకి ఎన్ని నీళ్ళు పట్టాయో చెప్తారా? ఈ వారం తొడతో ఇంకోసారి ట్రై చేద్దామనిపిస్తోంది.

కూకట్‌పల్లి_పద్మ
అరకేజీకి మొదట రెండు గ్లాసులు, మధ్యలో ఒక గ్లాసు మరిగేవి. ముక్కలు మునిగీ మునగనట్టు ఉంటే చాలు. మీ నాన్నగారికైతే ముక్కలు చిన్నగా, పీచుకి అడ్డంగా కోయించండి.