చివర్లో ‘లోల్’ పెడితే వెక్కిరించినట్టా?

విజయనగరం అబ్బాయి: మా చెల్లి హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరింది. డల్లాస్‌లో ఉండే టీమ్ లీడ్ నుంచి ఈ మెసేజ్ వచ్చింది:

```
tbh idk why the report broke lol. can u take a look? no rush, eod tmrw is fine
```

టీబీహెచ్ అంటే నిజం చెప్పాలంటే అని, ఐడీకే అంటే తెలీదు అని, ఈఓడీ అంటే పని రోజు ముగిసేలోపు అని అర్థమైంది. లోల్ దగ్గరే ఆగిపోయాం. ఆ రిపోర్టును చివరగా ముట్టుకున్నది మా చెల్లే. తనని చూసి నవ్వుతున్నాడా అని ఒకటే టెన్షన్.

రిటైర్డ్ మాస్టారు: బాబూ, లోల్ అంటే లాట్స్ ఆఫ్ లవ్. ఆప్యాయంగా రాశాడు, అంతే.

ఆస్టిన్ వదిన: మాస్టారూ, మీకు మంచి తోడే ఉంది. బ్రిటన్ ప్రధానిగా చేసిన డేవిడ్ కామెరాన్ కూడా అలాగే అనుకుని మెసేజ్‌ల కింద లోల్ అని పెట్టేవాడట. పత్రికా సంపాదకురాలిగా చేసిన రెబెకా బ్రూక్స్ 2012లో, బ్రిటన్ పత్రికల తీరుపై జరిగిన లెవెసన్ విచారణలో ఈ సంగతి చెప్పింది. అసలు అర్థం పగలబడి నవ్వడం. కానీ ఇప్పుడు లోల్ రాసేవాళ్లలో నవ్వేవాళ్లు తక్కువ. జాన్ మెక్‌వోర్టర్ అనే భాషావేత్త 2013లోనే దీన్ని గురించి మాట్లాడాడు: మాటలో కాస్త మెత్తదనం, ‘మనిద్దరం ఒకటే’ అన్న భావం తేవడానికి వాడుతున్నారని. మనం “ఎందుకు పాడైందో ఏమోలే” అంటాం చూడండి, ఆ ‘లే’ చేసే పనిలాంటిదే.

వెక్కిరింపో కాదో తేల్చాలంటే, లోల్ ఎవరి లోపం పక్కన కూర్చుందో చూడండి. ఇక్కడ అది “నాకు తెలీదు” పక్కన ఉంది. తన తెలియనితనాన్ని తానే తేలిక చేసుకుంటున్నాడు. “u broke it lol” అని ఉంటే మీ చెల్లెలి కంగారులో అర్థం ఉండేది. అప్పుడు కూడా చనువున్న మనిషి అయితే ఆటపట్టింపే కావచ్చు.

కరీంనగర్ అక్క: నా కొడుకు సిడ్నీ నుంచి ఏం అడిగినా ‘k’ అని ఒక్క అక్షరం పంపుతడు. కోపమా వాడికి?

గుంటూరు తమ్ముడు: అక్కా, ‘k’ అంటే చిరాకే. ‘kk’ అయితే పర్లేదు. చివర ఫుల్‌స్టాప్ పెడితే మాత్రం ఖాయంగా కోపం. దీనిమీద పరిశోధన కూడా ఉంది.

ఆస్టిన్ వదిన: పరిశోధన నిజమే, బింగమ్‌టన్ యూనివర్సిటీ వాళ్లది, 2015లో. కానీ అందులో చూసింది ఒక్క మాట జవాబులను. వాటి చివర చుక్క ఉంటే మనస్ఫూర్తిగా చెప్పినట్టు లేదని కాలేజీ పిల్లలు అన్నారు. కోపం ఖాయం అన్నది మీరు కలిపింది. యాభై దాటిన మేనేజరు బడిలో నేర్చిన అలవాటు కొద్దీ చుక్క పెడతాడు. అక్కా, మీవాడు ఇంతకుముందు ‘సరే అమ్మా’ అని రాసేవాడై, ఈమధ్యే ‘k’కి దిగితే అడగండి. మొదట్నుంచీ అంతే అయితే వాడి తీరే అంత.

అన్నట్టు, విజయనగరం తమ్ముడూ, ఆ మెసేజ్ ఎప్పుడొచ్చింది?

విజయనగరం అబ్బాయి: మంగళవారం రాత్రి, పన్నెండున్నరకి. పొద్దున చూసింది. గురువారం సాయంత్రానికి ఇద్దామనుకుంటోంది.

ఆస్టిన్ వదిన: అసలు చిక్కు లోల్‌లో లేదు, అక్కడుంది. అతను రాసేటప్పటికి డల్లాస్‌లో మంగళవారం మధ్యాహ్నం రెండు. అతని ‘రేపు’ బుధవారం. అక్కడ బుధవారం సాయంత్రం ఐదంటే మనకి గురువారం తెల్లవారుజామున మూడున్నర. గురువారం సాయంత్రం ఆరుకి పంపితే గడువు దాటి పద్నాలుగున్నర గంటలు. చలికాలంలో వాళ్లు గడియారం మార్చుకుంటే ఇంకో గంట తేడా. అందుకే గడువున్న మాటలో ఈఓడీని తిరిగి వాడకుండా, రోజు, గంట, ఎక్కడి టైమో రాసేయమనండి:

```
Sure, I'll take a look. You'll have an update by Wednesday 7 pm IST.
```

బుధవారం పని ముగిసేలోపే చెప్పినట్టు అవుతుంది, అతనికి అప్పుడు పొద్దున్నే.

గుంటూరు తమ్ముడు: అతనే ‘u’, లోల్ అని రాస్తుంటే ఈ అమ్మాయి ఇంత పద్ధతిగా రాస్తే బిగుసుకున్నట్టు ఉండదూ? నేనైతే నాలుగో రోజు నుంచే నో ప్రాబ్లెమ్ అనడానికి ‘np’ మొదలెట్టా.

ఆస్టిన్ వదిన: ఇద్దరి మధ్య చాట్‌లో ‘np’ పర్లేదు. లోపాలు నమోదు చేసే టికెట్‌లో, క్లయింటుకి వెళ్లే మెయిల్‌లో, పని పాడైందని చెప్పే చోట మాత్రం వద్దు. అవి ఫార్వర్డ్ అవుతాయి. లీడ్ మాటే అనుకుని “idk why this broke lol” అని టికెట్‌లో అతికిస్తే, డబ్బు కట్టిన క్లయింటు చదివేది ఏమిటి? వీళ్లకి తెలీదు, పైగా నవ్వుతున్నారు అని.

రిటైర్డ్ మాస్టారు: మరి లీడ్ మాత్రం రాయొచ్చా?

గుంటూరు తమ్ముడు: రాయొచ్చు సార్, సీనియర్ కదా.

ఆస్టిన్ వదిన: నేనొప్పుకోను. కొత్తగా చేరిన పిల్లకి రాసేటప్పుడు అతనూ మానుకుంటే బాగుండేది.

విజయనగరం అబ్బాయి: చెల్లి ఏడు గంటలని పంపేసింది. అతను బొటనవేలి బొమ్మ పెట్టాడు. ఇప్పుడు దానికి అర్థం ఏమిటని అడుగుతోంది.

గుంటూరు తమ్ముడు: అబ్బో, మా టీమ్‌లో దానిమీదే రోజూ గొడవ. పిల్లలు మొహం తిప్పుకున్నట్టు ఉందంటారు, పెద్దవాళ్లు చూశానని అర్థం అంటారు.