మెషీన్ నీరు తీసుకుంటూనే ఉంది, డ్రమ్ము నిండడం లేదు

సుజాత, వైట్‌ఫీల్డ్:
మా కొత్త ఫ్లాట్ యుటిలిటీలో ఫ్రంట్ లోడ్ మెషీన్ బిగించారు. డ్రెయిన్ కోసం గోడ పక్కన నేల నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తున నిలువు పైపు ఉంది. అందులోంచి వాసన వస్తోందని చెబితే, బిగించినవారు డ్రెయిన్ గొట్టాన్ని అర మీటరు పైగా లోపలికి దించి, పైపు మూతి చుట్టూ టేపు చుట్టి వెళ్లారు. అప్పటి నుంచి మెషీన్ నీరు తీసుకుంటూనే ఉంటుంది, చివరికి ఎర్రర్ చూపి ఆగిపోతుంది. కారణం ఏమై ఉంటుందో దయచేసి చెప్పండి.

కిరణ్, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్:
మా ఇంట్లో బోరునీటి ఇసుక ఇన్‌లెట్ గొట్టం మెషీన్‌కు కలిసే చోటి జాలీలో పేరుకుంది. కుళాయి కట్టేసి, గొట్టం విప్పి, జాలీని పాత బ్రష్‌తో కడిగితే సరిపోయింది. మీదీ అదే అయి ఉంటుంది.

నరసింహం, ప్లంబింగ్ పని, కె.ఆర్. పురం:
కిరణ్ గారు చెప్పింది నిజమే కానీ, జాలీ పూడితే నీరు సన్నగా వస్తుందే తప్ప వచ్చిన నీరు ఎక్కడికీ పోదు. సుజాత గారూ, మెషీన్ నీరు తీసుకుంటుండగా మధ్యలో ఆపి, పైపు దగ్గర చెవి పెట్టి వినండి. పంపు నడవకుండానే లోపల నీరు జారుతున్న చప్పుడు వినిపిస్తే అది సైఫన్. గొట్టం కొస డ్రమ్ములోని నీటి మట్టం కంటే కిందకు దిగి, గొట్టం నిండా నీరుండి, గాలి చొరబడే దారి లేకపోతే, డ్రమ్ములోని నీరు తనంతట తానే బయటికి పోతుంది. టేపు చుట్టాక నిలువు పైపు కూడా గొట్టానికి కొనసాగింపు అయిపోతుంది కాబట్టి, గొట్టాన్ని పైకి లాగినంత మాత్రాన సరిపోదు. టేపు విప్పి, గొట్టాన్ని 10 నుంచి 15 సెంటీమీటర్ల వరకే దించి, జారకుండా క్లిప్పుతో గోడకు కట్టి, చుట్టూ వేలు దూరేంత సందు వదలండి.

పద్మావతి, జయనగర్:
మా టాప్ లోడ్ గొట్టం నేల మీదే, నీరు పోయే జాలీ పక్కన పడి ఉంటుంది, అయినా ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. ఇంత ఎత్తు అవసరమా?

నరసింహం:
అమ్మా, మీ మెషీన్‌లో నీటిని ఆపే వాల్వు అడుగునే ఉండి ఉంటుంది. పంపుతో ఎత్తిపోసే ఫ్రంట్ లోడ్‌కు ఆ పద్ధతి పనికిరాదు. సుజాత గారి వాసనకు మందు పైపు మూతిలో లేదు, అడుగున ఉంది. అక్కడ వాసన పైకి రాకుండా నీరు నిలిచే వంపు ఉందో లేదో చూడండి.

సుజాత:
విన్నాను, చప్పుడు స్పష్టంగా ఉంది. టేపు విప్పి, గొట్టాన్ని ఒక జానెడు లోపే ఉంచాక ఈ ఉదయం డ్రమ్ము మామూలుగా నిండింది. అయితే స్పిన్‌లో నీరు పైపు మూతి దాకా పొంగి నాలుగు చుక్కలు నేల మీద పడ్డాయి. పైపు సన్నగా ఉండటం వల్లనా, లేక కింద వంపులో ఏదైనా అడ్డుపడటం వల్లనా?

నరసింహం:
ఒక బకెట్ నీళ్లు ఒక్కసారిగా పోసి చూడండి. నిదానంగా దిగితే అడ్డు ఉన్నట్టే. వెంటనే దిగిపోతే మాత్రం పైపు లోపలి వ్యాసం కొలిచి ఇక్కడ రాయండి, 40 మిల్లీమీటర్ల కంటే తక్కువైతే మళ్లీ మాట్లాడుకోవాలి.