లాభం చాలనప్పుడు మూలధనంపై వడ్డీ ముందా, పనిచేసే భాగస్వామి జీతం ముందా?

మేనల్లుడు (ప్రశ్న)
మామయ్య, నేను కలిసి విద్యుత్ సామాను దుకాణం నడుపుతున్నాము. 2025 ఏప్రిల్ 1 నాటికి ఆయన మూలధనం 10,00,000 రూపాయలు, నాది 4,00,000. డీడ్ ప్రకారం మూలధనంపై సాలీనా 12 శాతం వడ్డీ, దుకాణంలో కూర్చునే నాకు నెలకు 15,000 జీతం, మిగిలిన లాభం సమానంగా. 2026 మార్చి 31 నాటి ఆవర్జా నిల్వల్లో నా జీతం పద్దు 1,20,000 ఉంది. నాలుగు నెలలు తీసుకోలేదు. అక్టోబరు 1న మామయ్య 2,00,000 తీసుకోగా గుమాస్తా దానిని నేరుగా ఆయన మూలధనం ఖాతాకు ఖర్చు రాశారు. నికర లాభం 1,80,000 అని తేలింది. ఎవరికి ఎంత రావాలి?

బజారు పద్దులు
జీతం ఖర్చుల్లో ఇప్పటికే రాసేశారు కనుక దానిని మళ్లీ తీయకండి. ఆవర్జాలో మీ మామయ్య గారి నిల్వ ఇప్పుడు 8,00,000, కాబట్టి ఆయన వడ్డీ 96,000, మీది 48,000. 1,80,000లో అవి పోగా మిగిలిన 36,000 చెరి సగం. దీనిలో గొడవ పడవలసినదేమీ లేదు.

ఆడిట్ పనిలో ఇరవయ్యేళ్లు
ఒకే జీతాన్ని రెండుసార్లు తీయకూడదన్న మాట నిజమే కానీ, మీరు దానిని సగం దారిలో వదిలేశారు. ఆవర్జాలో పడినది ఎనిమిది నెలల జీతం మాత్రమే. డీడ్ ప్రకారం ఏడాదికి రావలసినది 1,80,000. నిల్వల నుంచి పంపకం లెక్క కట్టేటప్పుడు మొదట చేయవలసిన పని, భాగస్వామి పేరు మీద ఖర్చుల్లో కలిసిపోయిన మొత్తాన్ని వెనక్కి తేవడం. 1,80,000కు 1,20,000 కలిపితే జీతం, వడ్డీ తీయక ముందు లాభం 3,00,000 అవుతుంది. అక్కడి నుంచి లెక్క మొదలుపెడితేనే చెల్లించినదేది, చెల్లించవలసి ఉన్నదేది అన్నది కంటికి కనబడుతుంది.

వడ్డీ విషయంలో మీరు సంవత్సరాంతపు నిల్వను పట్టుకున్నారు. మార్చి 31న కనబడే 8,00,000 మీద ఏడాది పొడుగునా వడ్డీ కడితే, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సంస్థలో ఉన్న రెండు లక్షలు అసలు లేనట్టే అవుతుంది. ప్రస్తుతానికి ప్రారంభపు మూలధనంపై 1,20,000, 48,000, మొత్తం 1,68,000 అనుకుందాం. జీతం 1,80,000 కలిపితే 3,48,000. ఉన్న లాభం 3,00,000. కాబట్టి అసలు ప్రశ్న ఈ 48,000 లోటు ఎవరి మీద పడాలన్నది.

బజారు పద్దులు
నాలుగు నెలల జీతం సంగతి నేను చూసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. అయితే లోటును నష్టంగా రాసి చెరి 24,000 భరిస్తే సరిపోతుంది కదా? మామయ్య గారికి 96,000, అల్లుడు గారికి 2,04,000.

ఆడిట్ పనిలో ఇరవయ్యేళ్లు
అలా చేయాలంటే, నష్టం వచ్చినా వడ్డీ ఇవ్వవలసిందేనని డీడ్‌లో ఉండాలి. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే మూలధనంపై వడ్డీని లాభాల నుంచే ఇవ్వాలి. లేని లాభాన్ని వడ్డీ పేరుతో సృష్టించి, దానికి నష్టం రాసి మళ్లీ పంచుకోవడం ఆ మాటకు విరుద్ధం. డీడ్‌లోని అసలు వాక్యాలు ఇక్కడ రాయగలరా?

మేనల్లుడు
“పనిచేయు భాగస్వామికి నెలకు 15,000 రూపాయలు జీతముగా చెల్లించవలెను. భాగస్వాముల మూలధనముపై సాలీనా 12 శాతం వడ్డీ ఇవ్వవలెను.” ఇంతే ఉంది. లాభం చాలకపోతే ఏమిటన్న మాట ఎక్కడా లేదు. సొంతవాడకాలపై వడ్డీ గురించి కూడా లేదు.

విశ్రాంత వాణిజ్య అధ్యాపకుడు
డీడ్ మౌనంగా ఉన్నప్పుడు జీతం, వడ్డీ రెండూ లాభంలో నుంచి చేసే కేటాయింపులే. లాభం చాలకపోతే ఇద్దరి హక్కుల నిష్పత్తిలో పంచాలి. 3,48,000లో మామయ్య గారి హక్కు 1,20,000 కనుక ఆయనకు 1,03,448 వస్తుంది. అల్లుడు గారికి వడ్డీ కింద 41,379, జీతం కింద 1,55,173, మొత్తం 1,96,552. జీతంలో 1,20,000 ఇప్పటికే తీసుకున్నారు కనుక ఆయన ఖాతాకు ఇంకా జమ చేయవలసిన జీతం 60,000 కాదు, 35,173 మాత్రమే. నలభై ఏళ్లు పిల్లల చేత ఇలాగే లెక్క చేయించాను.

ఆడిట్ పనిలో ఇరవయ్యేళ్లు
మాస్టారూ, పరీక్షలో అది సరైన జవాబే, కాదనను. కానీ లాభాలలో నుంచే ఇవ్వాలన్న షరతును చట్టం వడ్డీకి పెట్టింది, జీతానికి పెట్టలేదు. జీతం విషయంలో చట్టం చెప్పేది ఒప్పందం లేనిదే భాగస్వామికి జీతం ఉండదని. ఇక్కడ ఒప్పందం ఉంది, అందులో “చెల్లించవలెను” అని ఉంది, నెలనెలా చెల్లించారు కూడా. కాబట్టి జీతం 1,80,000 ముందు తీసి, మిగిలిన 1,20,000ను వడ్డీల నిష్పత్తిలో, అంటే 120కి 48 చొప్పున పంచాలన్నది నా అభిప్రాయం. అప్పుడు మామయ్య గారికి 85,714, అల్లుడు గారికి 2,14,286.

విశ్రాంత వాణిజ్య అధ్యాపకుడు
మీరన్న “లాభం” జీతం తీశాక మిగిలేదా, తీయక ముందుదా? 13వ సెక్షన్ ఆ మాట చెప్పదు. నెలనెలా తీసుకున్నంత మాత్రాన అది లాభం నుంచి ముందస్తుగా తీసుకున్నది కాకుండా పోదు. పది లక్షలు పెట్టిన మనిషికి ఎనిమిదిన్నర శాతం వడ్డీ చేతికిచ్చి, కష్టానికి మాత్రం పూర్తి జీతమంటే, ఆ డీడ్ రాసుకున్న రోజున ఇద్దరూ అనుకున్నది అదేనా?

మిర్యాలగూడ మిల్లు
జీతం పరిమితి గురించే అయితే, మొదటి ఆరు లక్షల లాభంపై మూడు లక్షలు లేదా 90 శాతం, ఏది ఎక్కువైతే అది ఇవ్వవచ్చు కదా? మా సంస్థలో జీతం, వడ్డీ మార్చి నెలాఖరున ఒక్క ఎంట్రీతో మూలధనం ఖాతాలకు జమ చేసి, డబ్బు చేతికివ్వలేదు కదా అని టీడీఎస్ కోయలేదు. ఇప్పుడు వడ్డీతో కట్టుకుంటున్నాము.

ఆడిట్ పనిలో ఇరవయ్యేళ్లు
మీరు చెబుతున్నది ఆదాయపు పన్నులో సంస్థకు ఎంతవరకు ఖర్చుగా ఒప్పుకుంటారన్న పరిమితి. భాగస్వాములు ఒకరికొకరు ఎంత ఇచ్చుకోవాలన్నది అది తేల్చదు. అయితే మీ అనుభవం మేనల్లుడు గారికీ పనికొస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి 194టీ కింద, ఒక భాగస్వామికి ఏడాదిలో ఇచ్చే జీతం, వడ్డీ కలిపి 20,000 దాటితే 10 శాతం కోయాలి. ఖాతాకు జమ చేసినా లెక్కలోకి వస్తుంది. లాభంలో వాటాకు, మూలధనం వెనక్కి తీసుకోవడానికి ఇది వర్తించదు.

అందుకే ఆ రెండు లక్షల పద్దు కూడా తేల్చుకోవాలి. అది మూలధనం ఉపసంహరణ అయితే మామయ్య గారి వడ్డీ హక్కు మొదటి ఆరు నెలలకు 60,000, తర్వాతి ఆరు నెలలకు 48,000, మొత్తం 1,08,000కు తగ్గుతుంది. సొంతవాడకమైతే 1,20,000 అలాగే ఉంటుంది, డీడ్‌లో లేదు కనుక వాడకంపై వడ్డీ వేయడానికి వీల్లేదు. గుమాస్తా ఏ ఖాతాలో రాశారన్నది సాక్ష్యమే కానీ తీర్పు కాదు.

మేనల్లుడు
మామయ్యను అడిగాను. కూతురి పెళ్లికి వాడుకున్నానని, లాభం వచ్చాక సర్దుకుందామనే తీసుకున్నానని, మూలధనం తగ్గించుకోవాలని కాదని అన్నారు. అక్టోబరు నాటి ఓచరుపై “మూలధనం ఖాతా” అని ఆయన సంతకమే ఉంది. మాస్టారి లెక్క, ఆడిట్ వారి లెక్క రెండూ కాగితం మీద చూపించాను. 1,03,448కి ఒప్పుకుంటానన్నారు, 85,714 దగ్గర మాత్రం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఓచరు సంగతి ఆదివారం మాట్లాడుకుందామన్నారు.