పలాసలో కిడ్నీ పరీక్షల క్యాంపు యాడ్ రిజెక్ట్ అయింది, ఉద్దానం వాళ్లకి ఎలా చేర్చాలి?

జీడితోట కుర్రోడు:
పలాసలో ఒక చిన్న క్లినిక్‌లో ఫ్రంట్ డెస్క్, వాట్సాప్, ఫేస్‌బుక్ పేజీ అన్నీ నేనే చూస్తాను. వచ్చే ఆదివారం ఉచితంగా క్రియాటినిన్, బీపీ పరీక్షలు పెడుతున్నాం. ఫేస్‌బుక్‌లో యాడ్ ఇస్తే గంట తిరక్కుండా రిజెక్ట్ చేశారు. కారణం దగ్గర Personal attributes అని ఉంది. నేను రాసింది ఇదీ: "మీకు కిడ్నీ జబ్బు ఉందా? కాళ్లు వాస్తున్నాయా? ఆలస్యం చేయకండి!" యాడ్ ఎవరికి చూపాలో ఎంచుకునే ఇంట్రెస్టుల్లో కిడ్నీ జబ్బు అని వెతికితే పనికొచ్చేది ఏదీ రావట్లేదు. ఇంటర్ చదివే పిల్లలు వచ్చినా పరీక్ష చేస్తాం, మరి 16, 17 ఏళ్ల వాళ్లకి చూపించొచ్చా? కాస్త చెప్పండి, టైం లేదు.

సోంపేట శీను:
ఇంట్రెస్ట్ లేకపోతే పోనీ తమ్ముడూ. పాత పేషెంట్ల ఫోన్ నంబర్లు ఉంటాయి కదా, ఎక్సెల్‌లో పెట్టి కస్టమ్ ఆడియన్స్‌గా, అంటే యాడ్ చూపించాల్సిన వాళ్ల లిస్టుగా ఎక్కించెయ్. దాని మీద లుక్‌అలైక్ చేసుకుంటే అలాంటి వాళ్లనే అదే వెతికి పెడుతుంది. నంబర్లు హ్యాష్ అయ్యాకే, అంటే గుర్తుపట్టలేని కోడ్‌గా మారాకే వెళ్తాయి కాబట్టి ఎవరివో తెలియదు. మా బట్టల షాపుకి అలాగే చేశాం, దసరాకి బ్రహ్మాండంగా పనిచేసింది.

కోట వీధి మేడమ్:
విజయనగరంలో ఆసుపత్రుల యాడ్స్ చూసే పని నాది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

శీను గారూ, హ్యాష్ అయి వెళ్తాయన్నది నిజమే. కానీ ఫేస్‌బుక్ తన దగ్గరున్న నంబర్లని కూడా అలాగే హ్యాష్ చేసి పోల్చుకుంటుంది. కలిసిన ప్రతి నంబరూ ఫలానా అకౌంటుదని దానికి తెలుస్తుంది. బట్టల షాపు లిస్టయితే వాళ్లు చీర కొన్నారని తెలుస్తుంది, అంతే. ఇక్కడ మాత్రం లిస్టులో పేరు ఉందంటేనే వాళ్లకి కిడ్నీ జబ్బు ఉందని చెప్పినట్టు. ఆరోగ్య సమాచారం అలా పంపకూడదని ఫేస్‌బుక్ కంపెనీ మెటా నిబంధనల్లోనే ఉంది. ఆడియన్స్‌కి "డయాలసిస్ పేషెంట్లు" లాంటి పేరు పెడితే సిస్టమే పట్టుకుని వాడనివ్వదు. పేరు మార్చి ఎక్కిస్తే దాటిపోవచ్చేమో గాని తప్పు తప్పే. గూగుల్ కూడా జబ్బులకి సంబంధించిన యాడ్స్‌కి కస్టమర్ లిస్టులు, సైటు చూసి వెళ్లినవాళ్ల వెంటపడే రీమార్కెటింగ్ ఒప్పుకోదు.

ఇంట్రెస్టుల సంగతి. ఆరోగ్యం, మతం, రాజకీయం, లైంగికత లాంటి విషయాలకి ముడిపడిన ఆప్షన్లు 2022 జనవరి నుంచి మెటా తీసేసింది. కాబట్టి అక్కడ వెతకడం దండగ. ఉద్దానానికి అసలు ఇంట్రెస్ట్ అక్కర్లేదు కూడా. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు జబ్బు ఊళ్లకి ఊళ్లనే పట్టుకుంది కాబట్టి ఊరిని ఎంచుకుంటే చాలు. మ్యాపు మీద పిన్నులు పెట్టి చిన్న రేడియస్ ఇవ్వండి. ఇచ్ఛాపురం దగ్గర పెట్టే పిన్ను ఒడిశాలోకి పాకుతుంది, అటు పక్కని ఎక్స్‌క్లూడ్ చేయండి. భాష దగ్గర తెలుగు అని పెట్టకండి. అది ఫోన్‌లో యాప్ ఏ భాషలో ఉందో చూస్తుంది, మనవాళ్లలో చాలామంది ఇంగ్లీషులోనే ఉంచుకుంటారు.

వయసు 40 నుంచి 60 అని ఇచ్చి ఊరుకోకండి. ఎవరికి చూపాలో మెటాయే తేల్చుకునే అడ్వాంటేజ్ ప్లస్ ఆడియన్స్ ఆన్‌లో ఉంటే ఆ అంకెని సలహాగానే తీసుకుంటుంది. కచ్చితంగా కావాలంటే పాత పద్ధతి ఆడియన్స్‌కి మారాలి.

ఇక మాటలు. జబ్బు పేరు రాయొద్దని ఎవరూ అనట్లేదు. చదివే మనిషికి ఆ జబ్బు ఉందన్నట్టు రాస్తేనే గొడవ. "మీకు ఉందా" అని అడిగినా సరే, వీడి సంగతి నాకు తెలుసు అన్నట్టే లెక్క. ఇలా మార్చి చూడండి: "ఆదివారం ఉదయం 8 గంటల నుంచి పలాసలో ఉచిత క్రియాటినిన్, బీపీ పరీక్షలు. కిడ్నీ డాక్టర్ అందుబాటులో ఉంటారు." వాచిన కాలు దగ్గరగా తీసిన ఫోటో ఉంటే అదీ తీసేయండి.

రాజాం ఫిజిక్స్ సార్:
మా కోచింగ్‌దీ ఇదే బాధ. 17 ఏళ్ల వాళ్లకి ఎంసెట్ ఇంట్రెస్ట్ పెడితే లెక్కలోకే రావట్లేదు. అంటే పిల్లలకి యాడ్స్ పూర్తిగా బ్యాన్ చేశారా?

కోట వీధి మేడమ్:
బ్యాన్ కాదు సార్. 18 లోపు వాళ్లకి మెటాలో వయసు, ఊరు ఈ రెండే మిగిలాయి. ఇంట్రెస్టులు 2021లో, ఆడా మగా తేడా 2023లో తీసేశారు. కోచింగ్‌కి డబ్బు కట్టేది తల్లిదండ్రులే కదా, రాజాం చుట్టూ 38 నుంచి 52 వాళ్లకి చూపించండి.

క్యాంపు విషయంలోనూ నాదదే మాట. పిల్లల చేత ఫామ్ నింపించవద్దు. మన డేటా చట్టం, 2023లో వచ్చిందే, 18 నిండని వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది, వాళ్లని గమనించి యాడ్స్ గురిపెట్టడం కుదరదంటుంది. రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగం అమలుకి 18 నెలలు గడువిచ్చారు. గడువు ఉంది కదా అని ఇప్పుడు లిస్టు పోగేస్తే రేపు దాన్ని ఏం చేసుకుంటారు?

బొబ్బిలి అమ్మ:
మా బాబుకి పదిహేనేళ్లు. వాడి ఫోన్‌లో రమ్మీ, బెట్టింగ్ యాడ్స్ వస్తున్నాయి. పిల్లలకి అలాంటివి చూపించరని మీరే అంటున్నారు కదండీ. మరి వీడికెందుకు వస్తున్నాయి?

కోట వీధి మేడమ్:
అమ్మా, ఇక్కడ మాట్లాడుతున్నది యాడ్ ఇచ్చేవాళ్ల వైపు సంగతి. అయినా మీరు అడిగింది ముఖ్యమే. వాడి అకౌంట్‌లో పుట్టిన తేదీ ఏముందో చూడండి. పెద్దవాడినని పెట్టుకుని ఉంటే పిల్లల రక్షణలేవీ వాడికి పడవు. గూగుల్‌లో ఫ్యామిలీ లింక్ కింద పిల్లల అకౌంట్‌గా పెడితే వ్యక్తిగత యాడ్స్ ఆగుతాయి. మీ సొంత ఫోన్‌లో అయితే మై యాడ్ సెంటర్‌లో జూదం యాడ్స్ తగ్గించమని చెప్పొచ్చు. పేరూ ఊరూ లేని సైట్లలో వచ్చేవాటికి ఇవేవీ పనిచేయవు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల యాడ్స్‌ని 2025 చట్టం నిషేధించింది, అవి కనబడితే రిపోర్ట్ కొట్టండి.

జీడితోట కుర్రోడు:
మేడమ్, మీరు చెప్పినట్టే రాశాను, అప్రూవ్ అయింది. యాడ్ నొక్కితే వచ్చే లీడ్ ఫామ్‌లో "ఎన్నేళ్లుగా కిడ్నీ సమస్య" అని ఒక ప్రశ్న ఉంచొచ్చా? డాక్టర్ గారు ముందే తెలిస్తే మంచిదంటున్నారు.

కోట వీధి మేడమ్:
వద్దు. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆరోగ్య వివరాలు ఆ ఫామ్‌లో అడగనివ్వరు. పేరు, ఫోన్, ఊరు చాలు. మిగతావి మీరు ఫోన్ చేసినప్పుడు అడిగి, మీ రిజిస్టర్‌లోనే రాసుకోండి.

గూగుల్‌లో కూడా కొంచెం డబ్బు పెట్టండి. "కిడ్నీ డాక్టర్ పలాస" అని తనే టైపు చేసినవాడికి సెర్చ్ యాడ్ చూపించడంలో తప్పులేదు, అతను ఆ నిమిషంలో అడిగిందానికే మీరు జవాబిస్తున్నారు. అతను వెళ్లిపోయాక వెంటపడటమే కుదరదు.

సోంపేట శీను:
ఒప్పుకున్నాను. మరి క్లినిక్ పేజీలో డయాలసిస్ వీడియో సగం పైన చూసినవాళ్లని ఆడియన్స్ చేసుకుంటేనో? ఎవరి నంబరూ ఎక్కించట్లేదు కదా.

కోట వీధి మేడమ్:
దీని మీద మా ఆఫీసులోనే పడదు. ఒక క్లయింట్‌కి అలాంటి ఆడియన్స్ ఇప్పటికీ నడుస్తోంది, ఇంకొకరికి ఆపేశారు. రెండింటికీ తేడా మాకు దొరకలేదు. నేనైతే చేయను.

జీడితోట కుర్రోడు:
నేనూ చేయను. మందస వైపు పిన్ను ఇప్పుడే పెట్టాను. మేడమ్, హైవే మీద పోయే లారీ వాళ్లకి కూడా చూపిస్తుందేమో, దాన్ని ఆపొచ్చా?