ద లాస్ట్ ఆఫ్ అస్‌లోని ఫంగస్: ఒంటి వేడి ఒక్కటేనా అడ్డు?

ఫంగస్ సోకి మనుషుల్ని ఆడించే కథ ఈ సిరీస్‌ది. దాని మొదట్లో 1968 నాటి టీవీ చర్చలో ఒక శాస్త్రవేత్త అంటాడు: మన ఒంటి వేడికి ఈ ఫంగస్ బతకదు, భూమి వేడెక్కితే అలవాటు పడొచ్చు అని. ఇంతవరకు నమ్మబుద్ధేస్తుంది. 2009లో గుర్తించిన క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ 37 డిగ్రీల దగ్గర, అంటే మన ఒంటి వేడిలోనే, హాయిగా పెరుగుతోంది కదా.

నా అనుమానం ఆ తర్వాతి మెట్టు మీద. ఈ కథకు మూలమైన, నిజంగానే చీమల్ని ఆడించే ఆఫియోకార్డిసెప్స్ ఫంగస్ చీమ మెదడులోకి చొరబడదట, దవడ కండరాల చుట్టూ అల్లుకుంటుందట. పైగా ఒక్కో జాతి ఫంగస్‌కు దాదాపు ఒక్కో జాతి చీమే. అలాంటప్పుడు వేడిని తట్టుకున్నంత మాత్రాన మనిషిని నడిపించగలదా? కాటుతో అంటుకోవడం సరే, అది కథ కోసమే అనుకోండి. మైకాలజీ చదివినవాళ్లెవరైనా కాస్త వివరిస్తారా?